పన్నెండో నంబరు ఏ పేపర్‌ది?

ఎండీ, ఎంఎస్ చదివే పీజీ డాక్టర్లు థీసిస్ ఇవ్వకుండా ఫైనల్ పరీక్షకు కూర్చోలేరు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనైనా, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనైనా ఇదే రివాజు. డ్యూటీల మధ్య, నైట్‌ల మధ్య రెండేళ్ళకు పైగా సాగే ఈ పుస్తకంలో చాలామంది చివరి వారానికి వదిలేసే భాగం ఆఖరి పది పేజీలు. దాన్నే బిబ్లియోగ్రఫీ అంటారు. ఎగ్జామినర్లలో కొందరు మాత్రం పుస్తకాన్ని వెనకనుంచే తెరుస్తారు. ఒకే పేపర్ 14వ నంబరు దగ్గరా 37వ నంబరు దగ్గరా కనిపించిందా, Organization WH అనే వింత రచయిత ఎదురయ్యాడా, మిగతా పుస్తకం ఎంత శ్రద్ధగా రాసి ఉంటారో వాళ్ళకి అక్కడే తెలిసిపోతుంది.

వైద్య రచనల్లో రిఫరెన్సులకు ఎక్కువగా వాడేది వాంకోవర్ పద్ధతి. 1978లో కెనడాలోని వాంకోవర్ నగరంలో కొన్ని వైద్య పత్రికల సంపాదకులు సమావేశమై, తమకు వచ్చే వ్యాసాలన్నీ ఒకే తీరులో ఉండాలని అనుకున్నారు. ఆ నియమాలు మరుసటి ఏడాది అచ్చయ్యాయి. ఊరి పేరే పద్ధతికి స్థిరపడింది. నియమం చూడటానికి తేలిక. వ్యాసంలో మొదట ప్రస్తావించిన పేపర్‌కి 1, తర్వాత వచ్చిన కొత్త పేపర్‌కి 2, అలా వరసగా నంబర్లు పడతాయి. ఒకసారి 5 అయిన పేపర్‌ని యాభై పేజీల తర్వాత మళ్ళీ ప్రస్తావించినా అది 5గానే ఉండాలి. చివరి జాబితా కూడా అదే వరసలో ఉంటుంది, అక్షరక్రమంలో కాదు.

ఇబ్బందంతా ఈ వరసలోనే ఉంది. థీసిస్‌లో 140 రిఫరెన్సులు ఉన్నాయనుకోండి. గైడ్ డ్రాఫ్ట్ చూసి, ఇంట్రడక్షన్‌లో నాలుగో రిఫరెన్స్ తర్వాత మన దేశపు లెక్కలు ఒక వాక్యం పెట్టమన్నారు. ఆ ఒక్క వాక్యంతో పాత 5 కాస్తా 6 అవుతుంది, 6 వెళ్ళి 7 అవుతుంది, చివరి 140 వెళ్ళి 141 అవుతుంది. లోపల పేజీల్లో ఎక్కడెక్కడ ఆ నంబర్లు ఉన్నాయో అన్నీ మార్చాలి. రెండు రోజుల తర్వాత అదే గైడ్ రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లోని ఒక పేరాని డిస్కషన్‌లోకి జరపమంటే మళ్ళీ మొదటికే వస్తుంది. చేత్తో నంబర్లు టైప్ చేసినవాళ్ళు రెండోసారికో మూడోసారికో ఎక్కడో ఒకచోట తప్పిపోతారు. తప్పిన సంగతి కంటికి కనిపించదు కూడా, ఎందుకంటే 23 ఉండాల్సిన చోట 24 ఉన్నా వాక్యం చక్కగానే చదువుకోవచ్చు.

ఈ చాకిరీని తీసేయడానికే రిఫరెన్స్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మన కాలేజీల్లో మూడు పేర్లు వినిపిస్తాయి. ఎండ్‌నోట్ డబ్బు పెట్టి కొనాల్సింది. మెండలే ఉచితమే, 2013 నుంచి ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉంది. జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా బహిరంగంగా ఉంటుంది. కాలేజీ లైసెన్స్ ఇస్తే ఎండ్‌నోట్ వాడుకోవచ్చు. లేదంటే జొటెరో చాలు, ఇంకా చెప్పాలంటే మిగులుతుంది కూడా. ఇక్కడి ఉదాహరణలన్నీ జొటెరోవే అయినా లోపలి సూత్రం మూడింటికీ ఒకటే.

ఆ సూత్రం ఏమిటో తెలుసుకుంటే సగం తప్పులు దగ్గరికి రావు. జొటెరోని ఇన్‌స్టాల్ చేస్తే వర్డ్‌లో దాని పేరుతో ఒక ట్యాబ్ వస్తుంది. వాక్యం చివర కర్సర్ పెట్టి Add/Edit Citation నొక్కి, వచ్చిన పట్టీలో రచయిత పేరో శీర్షికలోని మాటో కొడితే పేపర్ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే వాక్యం పక్కన (5) అని పడుతుంది. చూడటానికి అది అంకె, కానీ నిజానికి అంకె కాదు. వర్డ్ భాషలో అది ఒక ఫీల్డ్, లోపల సమాచారం దాచుకున్న పెట్టె. Alt+F9 నొక్కితే పెట్టె తెరుచుకుని ఇలాంటిది కనిపిస్తుంది.

```
{ ADDIN ZOTERO_ITEM CSL_CITATION {"citationID":"...", "citationItems":[...]} }
```

మళ్ళీ Alt+F9 నొక్కితే అంకె వెనక్కి వస్తుంది. ఏ పేపర్ అనేది ఆ పెట్టెలో ఉంటుంది. మీరు పేరాని ఎక్కడికి జరిపినా పెట్టె దాంతోపాటే వెళుతుంది. Refresh నొక్కగానే సాఫ్ట్‌వేర్ మొదటి పేజీ నుంచి పెట్టెలన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చి కొత్త నంబర్లు వేసి, చివరి జాబితాని కూడా ఆ వరసలోకి తెస్తుంది. గైడ్ పది పేరాలు జరిపించినా మీకు పని లేదు.

అంకె బతికి ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. దాని మీద ఒకసారి క్లిక్ చేస్తే చుట్టూ బూడిద రంగు పడాలి. పడకపోతే అది ఎవరో కీబోర్డుతో కొట్టిన ఉత్త అంకె. Refresh దాన్ని ముట్టుకోదు. ఇలాంటి చచ్చిన అంకెలు మూడు దారుల్లో వస్తాయి. ఒకటి, తొందరలో మీరే 12ని చెరిపి 13 అని దిద్దడం. రెండు, డ్రాఫ్ట్‌ని పీడీఎఫ్ చేసి పంపితే అవతలివాళ్ళు దాన్ని మళ్ళీ వర్డ్‌లోకి మార్చి తిప్పి పంపడం. మూడోది మన దగ్గర ఎక్కువ. ఫైల్ వాట్సాప్‌లో వెళుతుంది, దాన్ని ఫోన్‌లోని ఏదో ఆఫీస్ యాప్‌లో తెరిచి రెండు మాటలు దిద్ది సేవ్ చేస్తారు, ఆ యాప్ పెట్టెల్ని ఉత్త అక్షరాలుగా మార్చేస్తుంది. అందుకే వెనక్కి వచ్చిన ఫైల్‌లో ముందు నాలుగైదు అంకెల మీద క్లిక్ చేసి చూడాలి. రంగు పడకపోతే ఆ ఫైల్‌ని పక్కన పెట్టి, దిద్దుబాట్లని మీ దగ్గరున్న పాత ఫైల్‌లోకి ఎక్కించుకోవాలి. గైడ్‌కి ఇచ్చేటప్పుడు అచ్చు తీసి ఇచ్చి, పెన్నుతో దిద్దించుకోవడమే ఇప్పటికీ నాకు నచ్చిన పద్ధతి.

ఇక్కడిదాకా సాఫ్ట్‌వేర్ తన పని తాను చేస్తుంది. జాబితాలో కనిపించే అక్షరాలు మాత్రం మీరు దానికి అప్పజెప్పిన సమాచారం నుంచే వస్తాయి. పెట్టెలో పేరు తప్పు పడితే తప్పు పేరునే అది వాంకోవర్ పద్ధతిలో పొందిగ్గా అచ్చు వేసిపెడుతుంది. కాబట్టి పేపర్ లైబ్రరీలోకి వచ్చే క్షణమే ముఖ్యం.

వైద్య పేపర్లకు నమ్మదగిన తలుపు పబ్‌మెడ్. అందులో ప్రతి పేపర్‌కీ PMID అనే నంబరు ఉంటుంది. జొటెరోలో మంత్రదండం బొమ్మ ఉన్న బటన్ నొక్కి ఆ నంబరు కొడితే చాలు, రచయితలు, శీర్షిక, పత్రిక, సంపుటి, పేజీలు వాటంతట అవే నిండిపోతాయి. గూగుల్ స్కాలర్ నుంచి తెచ్చుకోవడం అలవాటైనవాళ్ళు ఎక్కువ. వెతకడానికి అది మంచిదే, తెచ్చుకోవడానికి కాదు. అక్కడి రికార్డుల్లో రచయితల జాబితా మధ్యలో తెగిపోతుంది, డీఓఐ నంబరు ఉండదు, శీర్షిక ఒక్కోసారి ప్రతి మాటా పెద్దక్షరంతో వస్తుంది. స్కాలర్‌లో పేపర్ దొరికితే, దాని శీర్షికని పబ్‌మెడ్‌లో వేసి PMID పట్టుకుని దాంతో తెచ్చుకోవాలి. అరనిమిషం పని. సీనియర్ల పాత థీసిస్‌లోంచి రిఫరెన్స్ ఎత్తుకునేవాళ్ళకి కూడా ఇదే మందు. పబ్‌మెడ్‌లో దొరకని పేపర్‌ని, పేజీ నంబరు కుదరని పేపర్‌ని అక్కడే ఆపేయవచ్చు.

ఎత్తుకోవడం ఎంత పాత జబ్బో 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురీ అనే ఇద్దరు పరిశోధకులు సరదాగా లెక్క కట్టారు. వాళ్ళు తీసుకున్న పేరున్న పేపర్‌ని దాదాపు 4300 సార్లు ఉదహరించారు. అందులో 196 చోట్ల సంపుటో పేజీయో సంవత్సరమో తప్పు పడింది. ఎవరికి వారు తప్పు చేసి ఉంటే తప్పులు రకరకాలుగా ఉండాలి కదా. కానీ ఆ 196లో వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే ఒక్క తప్పు 78 సార్లు అచ్చంగా అలాగే తిరిగి వచ్చింది. అంటే అసలు పేపర్ తెరవకుండా ఒకరి జాబితాలోంచి మరొకరు దింపుకుంటూ పోయారన్నమాట.

పేర్ల విషయంలో పబ్‌మెడ్ ఇచ్చిన రికార్డుని కూడా ఒకసారి కళ్ళతో చూడాలి. వాంకోవర్‌లో ఇంటిపేరు పూర్తిగా, మిగతావి పొడి అక్షరాలుగా, మధ్యలో చుక్కల్లేకుండా రాస్తారు. ఆరుగురి దాకా అందరి పేర్లూ, అంతకు మించితే మొదటి ఆరుగురి తర్వాత et al అని రాయడం మామూలు. ఇది పడమటి పేర్లకు కుదిరినట్టు మనకి కుదరదు. ఇంటిపేరు ముందు పెట్టి పేరు వెనక రాసే తెలుగువాడి పేరులో, పత్రికలు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. కొమ్మినేని శ్రీనివాసరావు అని రాసుకునే డాక్టర్ ఒక పత్రికలో Rao KS, మరో పత్రికలో Srinivasarao K, ఇంకోచోట Kommineni S అయిపోవచ్చు. సాయం చేద్దామని అన్నింటినీ ఒకే తీరుకి మార్చకండి. ఆ పేపర్ ఏ పేరుతో అచ్చయిందో జాబితాలో అదే ఉండాలి. మరొకరు వెతికినప్పుడు దొరికేది ఆ పేరుతోనే.

సంస్థల పేర్లు మాత్రం మనమే చక్కదిద్దాలి. జొటెరోలో రచయితకి రెండు గడులు ఉంటాయి, ఇంటిపేరుకి ఒకటి, మిగతా పేరుకి ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికని చేత్తో ఎక్కిస్తూ మొదటి పేరు గడిలో World Health అనీ, ఇంటిపేరు గడిలో Organization అనీ వేస్తే సాఫ్ట్‌వేర్ పాపం నియమం ప్రకారమే పోతుంది. ఇంటిపేరు Organization, పొడి అక్షరాలు WH. ఎగ్జామినర్ కంటపడిన ఆ వింత రచయిత పుట్టుక ఇదీ. గడి పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కితే రెండు గడులూ ఒకటవుతాయి. అందులో సంస్థ పూర్తి పేరు రాస్తే సరిపోతుంది. ఎండ్‌నోట్‌లోనైతే పేరు చివర ఒక కామా పెట్టాలి.

ఒకే పేపర్‌ని పబ్‌మెడ్ నుంచి ఒకసారి, పత్రిక వెబ్‌సైట్ నుంచి మరోసారి తెచ్చుకుంటే లైబ్రరీలో రెండు రికార్డులు కూర్చుంటాయి. ఇంట్రడక్షన్ రాసేటప్పుడు ఒకటి, ఆర్నెల్ల తర్వాత డిస్కషన్‌లో ఇంకొకటి ఎంచుకుంటే జాబితాలో అదే పేపర్ రెండు నంబర్లతో వస్తుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పేపర్లు మరి. Duplicate Items అనే అరలోకి వెళితే అనుమానం ఉన్న జంటలన్నీ కనిపిస్తాయి. అక్కడ ఒకదాన్ని డిలీట్ చేయకూడదు. Merge చేయాలి. కలిపితే థీసిస్‌లో అంతకుముందు పెట్టిన పెట్టెలు కూడా కొత్త ఉమ్మడి రికార్డుకి ముడిపడి ఉంటాయి. డిలీట్ చేస్తే ఆ పెట్టె అనాథ అవుతుంది. పాత సమాచారం చూపిస్తూనే ఉంటుంది గానీ, ఆ తర్వాత మీరు లైబ్రరీలో చేసే దిద్దుబాట్లు దాన్ని చేరవు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. జనరల్ మెడిసిన్‌లో షుగర్ జబ్బు మీద థీసిస్ రాసేవాళ్ళలో యూకేపీడీఎస్‌ని తలవనివాళ్ళు అరుదు. బ్రిటన్‌లో టైప్ 2 మధుమేహం మీద జరిగిన చాలా పెద్ద అధ్యయనం అది. దాని ఫలితాలు ఒకే పేపర్‌లో రాలేదు, వరస నంబర్లతో చాలా పేపర్లుగా వచ్చాయి. అందులో 33వదీ 34వదీ రెండూ 1998లో, లాన్సెట్ పత్రికలో, ఒకే సంచికలో, పక్కపక్కనే అచ్చయ్యాయి. 33 పేజీలు 837 నుంచి 853, 34 పేజీలు 854 నుంచి 865. PMID నంబర్లు కూడా పక్కపక్కవే: 9742976, 9742977. రచయితగా వ్యక్తుల పేర్లు లేవు, రెండింటికీ అదే గ్రూపు పేరు. పబ్‌మెడ్ నుంచి తెస్తే రచయిత గడి ఖాళీగా, గ్రూపు పేరు శీర్షిక తోకకి అతుక్కుని రావచ్చు. దాన్ని తీసి రచయిత గడిలో వేసుకోవాలి.

జొటెరో పట్టీలో UKPDS అని కొట్టారు. రెండు పేపర్లు కనిపించాయి. ఒకే గ్రూపు, ఒకే ఏడాది, ఒకే పత్రిక. చెయ్యి జారి పక్కదాన్ని నొక్కితే థీసిస్‌లో పన్నెండో నంబరు అందంగా పడుతుంది, జాబితాలో చక్కటి వాంకోవర్ రిఫరెన్స్ వస్తుంది, ఏ హెచ్చరికా రాదు. వాక్యం మాత్రం తప్పవుతుంది.

ఎంత తప్పో చూడండి. 33వ పేపర్ సల్ఫొనైల్యూరియా మందులు, ఇన్సులిన్ గురించి. కొత్తగా షుగర్ బయటపడిన 3867 మందిలో కట్టుదిట్టంగా చికిత్స చేసినవాళ్ళకి హెచ్‌బీఏ1సీ సగటున 7.0, మామూలు చికిత్స వాళ్ళకి 7.9 ఉంది. కన్ను, కిడ్నీ లాంటి చోట్ల సన్న రక్తనాళాలకు వచ్చే చిక్కులు 25 శాతం తగ్గాయి. గుండెపోటు 16 శాతం తగ్గినట్టు కనిపించింది గానీ పీ విలువ 0.052. అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి వైద్య పరిశోధనలో పాటించే గీత 0.05. గీతకి వెంట్రుకవాసి అవతలే ఆగిపోయింది. 34వ పేపర్ వేరే కథ. బరువు ఎక్కువున్న రోగుల్లో మెట్‌ఫార్మిన్ ఇచ్చింది 342 మందికి. మామూలు చికిత్స పొందిన 411 మందితో పోలిస్తే వాళ్ళలో షుగర్ వల్ల వచ్చే మరణాలు 42 శాతం తక్కువ. మందు వేరు, రోగులు వేరు, ఫలితం వేరు.

థీసిస్‌లో ఇలాంటి వాక్యం తరచూ కనిపిస్తుంది: 'షుగర్‌ని కట్టడిలో ఉంచితే గుండెపోటు ముప్పు తగ్గుతుందని యూకేపీడీఎస్ తేల్చింది (12).' పన్నెండు అంటే 33వ పేపర్ అయితే ఆ మాట నిలబడదు, అందులో అది తేలలేదు కాబట్టి. 34 అయితే మెట్‌ఫార్మిన్, అధిక బరువు అనే రెండు షరతులు వాక్యంలోకి రావాలి. ఆ మాట సల్ఫొనైల్యూరియా, ఇన్సులిన్ వాడినవాళ్ళ గురించి చెప్పాలంటే ఆధారం మూడోచోట ఉంది. అదే రోగుల్ని అధ్యయనం ముగిశాక మరో పదేళ్ళు గమనించి హోల్‌మన్ బృందం 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రాసిన పేపర్ అది. అందులో గుండెపోట్లు 15 శాతం తగ్గాయి, ఈసారి గీత లోపలే. ఇన్ని తేడాలున్న చోట ఏ పేపర్ నొక్కారన్నది సాఫ్ట్‌వేర్‌కి పట్టదు. దాని దగ్గర ఉన్నది చిరునామా మాత్రమే, చిరునామాలో ఉన్నవాళ్ళు ఏమన్నారో దానికి తెలియదు.

దీనికి నేను చూసినంతలో పనికొచ్చేది ఒకే అలవాటు. పేపర్ చదివిన రోజే జొటెరోలో ఆ రికార్డుకి ఒక నోట్ తగిలించాలి. నాలుగు వరసలు చాలు: ఎవరి మీద చేశారు, ఎంతమంది, నేను వాడుకోబోయే అంకె ఏది, అది ఏ పేజీలో ఏ టేబుల్‌లో ఉంది. 33వ పేపర్ నోట్‌లో 'గుండెపోటు 16 శాతం, పీ 0.052, గీత దాటలేదు' అని ఉంటే ఏడాదిన్నర తర్వాత డిస్కషన్ రాసేటప్పుడు పైన చెప్పిన వాక్యం రాయడానికి చెయ్యి రాదు. పీడీఎఫ్‌ని రికార్డుకి జతచేసి, ఆ లైన్‌కి జొటెరోలోనే పసుపు రంగు పులిమితే ఇంకా మంచిది. వైవాలో 'ఈ అంకె ఎక్కడిది' అని అడిగితే చెప్పగలిగేది కూడా ఈ నోట్ రాసుకున్నవాళ్ళే.

ఇది చాదస్తం అనుకునేవాళ్ళకి ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌కి పోర్టర్, జిక్ అనే ఇద్దరు అమెరికా నుంచి ఐదు వాక్యాల లేఖ రాశారు. ఆస్పత్రిలో చేరి, మత్తు తరహా నొప్పి మందు కనీసం ఒకసారి తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు అలవాటు లేనివాళ్ళలో, వ్యసనంగా మారినట్టు రికార్డయింది నలుగురే అని దాని సారాంశం. ఆస్పత్రి పడక మీద, నర్సు చేతి మీదుగా మందు తీసుకున్నవాళ్ళ లెక్క అది. ఇంటికి నెలల తరబడి రాసిచ్చే మాత్రలకి దాంతో పొత్తు లేదు. అయినా ఆ లేఖని, ఓపియాయిడ్లు అలవాటు కావనడానికి రుజువుగా పేపర్ మీద పేపర్ వాడుకుంటూ పోయింది. 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీస్తే దాన్ని 608 చోట్ల ఉదహరించారని తేలింది. అందులో 72 శాతం వ్యసనం అరుదు అనడానికే వాడుకున్నవి. 80 శాతానికి పైగా అవి ఆస్పత్రిలో చేరిన రోగుల లెక్కలని చెప్పనే లేదు. సంపుటి 302, పేజీ 123 అని రిఫరెన్స్ ఎంత కచ్చితంగా రాసినా ఈ తప్పు దొరకదు. అమెరికాలో ఓపియాయిడ్ల విపత్తుకి దారి వేసిన వాటిలో ఈ లేఖని వాడుకున్న తీరు కూడా ఒకటని ఆ పరిశోధకులే రాశారు.

సాఫ్ట్‌వేర్ తనంతట తాను పట్టుకోగల పెద్ద తప్పు ఒకటుంది. అచ్చయ్యాక వెనక్కి తీసుకున్న పేపర్లు. 2020 మేలో కోవిడ్, గుండె మందుల మీద న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఒక పేపర్‌కి సర్జిస్ఫియర్ అనే కంపెనీ లెక్కలు ఇచ్చింది. ఆ లెక్కల్ని స్వతంత్రంగా పరిశీలించే వీలు లేకపోవడంతో జూన్ మొదటి వారంలోనే పేపర్‌ని రద్దు చేశారు. మేలో దాన్ని లైబ్రరీలోకి తెచ్చుకున్న విద్యార్థికి జూన్ సంగతి ఎవరు చెబుతారు? జొటెరో చెబుతుంది. రిట్రాక్షన్ వాచ్ వాళ్ళ జాబితాతో మీ లైబ్రరీని సరిచూసుకుంటూ, రద్దయిన పేపర్ మీద ఎర్ర గుర్తు వేస్తుంది. దాన్ని థీసిస్‌లో పెట్టబోతే అడ్డుపడి అడుగుతుంది. కాకపోతే అది పోల్చుకునేది డీఓఐతోనో PMIDతోనో. చేత్తో ఎక్కించిన రికార్డుకి ఆ రెండూ లేకపోతే ఎర్ర గుర్తు ఎప్పటికీ రాదు.

సబ్మిషన్‌కి వారం ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. లైబ్రరీ జాబితాలో సంపుటి, పేజీలు అనే నిలువు వరసల్ని తెరిచి వాటి ప్రకారం సర్దితే ఖాళీలున్న రికార్డులన్నీ ఒకచోట చేరతాయి. అచ్చుకి ముందే ఆన్‌లైన్‌లో వచ్చినప్పుడు తెచ్చుకున్న పేపర్లు ఎక్కువగా అక్కడే తేలతాయి. అప్పటికి వాటికి సంపుటీ పేజీలూ లేవు, ఇప్పుడుంటాయి, కానీ రికార్డు తనంతట తాను నిండదు. పబ్‌మెడ్‌లో చూసి పూర్తిచేయాలి. శీర్షికలో ప్రతి మాటా పెద్దక్షరంతో ఉంటే దాని మీద కుడి క్లిక్ చేసి Sentence case ఎంచుకుని, ఆ తర్వాత UKPDS లాంటి పొడి పేర్లు చిన్నక్షరాలైపోయాయేమో చూడాలి. వాక్యం చివర (3)(4)(5) అని మూడు బ్రాకెట్లు వరసగా కనిపిస్తే అవి మూడు పెట్టెలు. చివరి రెండింటినీ చెరిపి, మొదటి దానిలోనే మూడు పేపర్లనీ చేర్చాలి, అప్పుడు (3–5) అని వస్తుంది. ట్రాక్ చేంజెస్ ఆన్‌లో ఉండగా చెరిపిన నంబరు కంటికి కొట్టేసినట్టున్నా ఫైల్‌లో ఉన్నట్టే లెక్క. మార్పుల్ని ఒప్పుకున్నాకే Refresh నొక్కాలి, లేకపోతే నంబర్ల మధ్య ఖాళీ వస్తుంది.

నూటయాభై పేజీల ఫైల్‌లో ప్రతి సైటేషన్‌కీ వర్డ్ నిమిషం సేపు బిగుసుకుపోతుందని చాలామంది గోల. దానికి Document Preferencesలో Automatically update citations అనే గడిలో టిక్కు తీసేస్తే చాలు. నంబర్లు అప్పటికప్పుడు మారవు, మీరు Refresh నొక్కినప్పుడు ఒక్కసారి మారతాయి. దీనికి భయపడి చాప్టర్లని వేర్వేరు ఫైళ్ళుగా ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు. అది కూడా పరవాలేదు. ప్రతి ఫైల్‌లో నంబర్లు 1 నుంచి మొదలవుతాయి, చివర అన్నింటినీ ఒకే ఫైల్‌లోకి పేస్ట్ చేసి Refresh చేస్తే వరస కుదురుతుంది. ఒక్కటే షరతు, అన్ని చాప్టర్లూ ఒకే లైబ్రరీ నుంచి రాసి ఉండాలి. లైబ్రరీ ఉండేది మీ ల్యాప్‌టాప్‌లో. జొటెరో ఖాతా తెరిచి సింక్ చేస్తే రికార్డులన్నీ సర్వర్‌లో కూడా ఉంటాయి. పీడీఎఫ్‌లకి ఉచితంగా ఇచ్చే చోటు మాత్రం 300 ఎంబీయే.

అన్నీ అయ్యాక, కాలేజీ దగ్గర డీటీపీ సెంటర్‌కి ఫైల్ ఇచ్చే ముందు చేసే పని Unlink Citations. ఇది పెట్టెలన్నింటినీ ఉత్త అక్షరాలుగా మార్చేస్తుంది. ఆ తర్వాత సెంటర్‌లో మార్జిన్లు సర్దినా, ఏ కంప్యూటర్‌లో తెరిచినా నంబర్లు చెదరవు. అయితే ఇది వెనక్కి తిరగని దారి, అన్‌లింక్ చేసిన ఫైల్‌ని మళ్ళీ జొటెరో గుర్తుపట్టదు. అందుకని ముందు ఫైల్‌కి వేరే పేరుతో కాపీ తీసి, కాపీ మీదే అన్‌లింక్ చేయాలి. పెట్టెలున్న అసలు ఫైల్ మీ దగ్గరే ఉండాలి. థీసిస్ దిద్దమని వెనక్కి వచ్చినా, అందులోంచి పత్రికకి పేపర్ రాయాలనుకున్నా పని మొదలయ్యేది దాంట్లోంచే.